డూప్ ముఖం మీద హీరో ముఖం: 144 ఫ్రేముల షాట్‌లో గ్యాన్‌కు, డిఫ్యూజన్ ఇన్‌పెయింటింగ్‌కు తేలిన తేడా

ఒక తెలుగు సినిమా పోస్ట్ ప్రొడక్షన్‌లో మా బృందానికి ఆరు సెకన్ల షాట్ ఒకటి వచ్చింది. సెకనుకు 24 ఫ్రేముల లెక్కన మొత్తం 144 ఫ్రేములు. పొద్దు వాలాక వీధి దీపాల కింద ఒక మనిషి మోటార్‌సైకిల్ మీద కెమెరా వైపు వస్తాడు, మధ్యలో ఎడమ చేత్తో నుదుటి చెమట తుడుచుకుంటాడు, చివర్లో తల పూర్తిగా పక్కకు తిప్పి సందులోకి చూస్తాడు. బండి నడిపింది డూప్. తెర మీద కనిపించవలసింది హీరో. షాట్ మొదట్లో ముఖం వెడల్పు సుమారు 110 పిక్సెళ్లు, చివరికి వచ్చేసరికి 380 పిక్సెళ్లు. హీరోదీ డూప్‌దీ ఇద్దరిదీ రాతపూర్వక అనుమతి ఉంది. ఏ షాట్‌కు వాడతాం, పని అయ్యాక ముఖాల డేటాను ఎప్పుడు చెరిపేస్తాం అన్నది కూడా ఆ పత్రంలోనే రాసి ఉంది. ఈ పత్రం చేతికి రాకముందు మేము ఒక్క ఫ్రేము కూడా తెరవము.

ఈ షాట్‌ను రెండు దారుల్లోనూ చేసి చూశాము. మొదటిది గ్యాన్ పద్ధతి, అంటే ఒక నెట్‌వర్క్ బొమ్మను తయారు చేస్తుంటే, మరొకటి దాన్ని నకిలీగా పట్టుకోవడానికి చూస్తూ దానికి నేర్పేది. రెండవది డిఫ్యూజన్ ఇన్‌పెయింటింగ్, అంటే చిత్రంలో చెరిపిన భాగాన్ని నాయిస్ అనే అర్థం లేని చుక్కల నుంచి మొదలుపెట్టి కొత్తగా పూరించేది. ఈ రెండింటి మధ్య తేడా అనగానే "గ్యాన్ పాతది, డిఫ్యూజన్ కొత్తది, కాబట్టి రెండవదే మెరుగు" అనే మాట తరచుగా వినిపిస్తుంది. ఈ షాట్ మీద మూడు వారాలు కూర్చున్నాక నాకు ఆ మాట పెద్దగా పనికొచ్చేదిగా అనిపించలేదు. అసలు తేడా, ముఖం తయారయ్యే వేళకు ఆ మోడల్‌కు డూప్ ముఖం కనిపిస్తుందా, కనిపించదా అన్నదాంట్లో ఉంది. మాకు ఎదురైన చిక్కుల్లో చాలావాటిని అక్కడి నుంచే వివరించవచ్చు.

గ్యాన్ పద్ధతిలో ఏం జరుగుతుంది

మేము వాడినది 2020లో వచ్చిన సిమ్‌స్వాప్ తరహా కట్టడం. బయట దొరికే ఇలాంటి తయారు మోడళ్లలో చాలావాటి లైసెన్సు వాణిజ్యపు పనికి ఒప్పుకోదు కాబట్టి, అదే కట్టడాన్ని అనుమతి ఉన్న ఫుటేజ్ మీద మేమే 256 పిక్సెళ్ల పరిమాణంలో ట్రైన్ చేసుకున్నాము.

దీని పని తీరు ఇలా ఉంటుంది. ముందుగా ఫ్రేములో ముఖాన్ని పట్టుకుని, రెండు కళ్లు, ముక్కు కొస, నోటి రెండు మూలలు అనే ఐదు గుర్తులను తీస్తారు. ఆ గుర్తుల ఆధారంగా ముఖాన్ని నిటారుగా తిప్పి, 256 బై 256 చతురస్రంలోకి కోస్తారు. మరొక పక్క హీరో ఫోటోలను ఆర్క్‌ఫేస్ అనే ముఖ గుర్తింపు నెట్‌వర్క్‌కు ఇస్తే, ఒక్కో ఫోటోకు 512 సంఖ్యల వరుస ఒకటి వస్తుంది. ఇది ఆ మనిషి ఎవరన్నదానికి గుర్తు. దీన్నే ఐడెంటిటీ వెక్టర్ అంటాము. మేము 14 ఫోటోల వెక్టర్లకు సగటు తీసి, దాని పొడవును మళ్లీ ఒకటికి తెచ్చి వాడాము. ఒకే ఫోటో వాడితే ఆ ఫోటోలోని నవ్వో, వెలుతురో కొంత వెక్టర్‌లోకి దూరుతుంది.

ఇక ముఖాన్ని తయారు చేసే నెట్‌వర్క్ అయిన జనరేటర్, డూప్ ముఖం ఉన్న చతురస్రాన్ని మొత్తంగా లోపలికి తీసుకుంటుంది. మధ్య పొరల్లో హీరో వెక్టర్‌ను కలిపి, అవతలి వైపు కొత్త ముఖాన్ని ఒకే అంగలో బయటకు ఇస్తుంది. అంటే డూప్ కళ్లు ఎంత చికిలించాడో, పళ్లు ఎలా బిగించాడో, బుగ్గ మీద వీధి దీపపు పసుపు ఎక్కడ పడిందో, అన్నీ జనరేటర్ ముందు పిక్సెళ్ల రూపంలో ఉన్నాయి. అది వాటిని చదివి, మనిషిని మాత్రమే మార్చాలి.

దీనిని ట్రైన్ చేయడంలో ఒక ఇబ్బంది ఉంది. "డూప్ హావభావంతో ఉన్న హీరో" ఫోటో ప్రపంచంలో ఎక్కడా ఉండదు, కాబట్టి సరైన జవాబు చూపించి నేర్పడం కుదరదు. అందుకని వేర్వేరు ఒత్తిళ్లను కలిపి పెడతారు. ఇచ్చిన రెండు ముఖాలూ ఒకే మనిషివైతే బయటకు వచ్చేది లోపలికి ఇచ్చినదానితో సరిపోలాలి. వేర్వేరు మనుషులవైతే బయటకు వచ్చిన ముఖపు ఆర్క్‌ఫేస్ వెక్టర్ మూల వ్యక్తి వెక్టర్‌కు దగ్గరగా ఉండాలి. డిస్క్రిమినేటర్ అనే రెండో నెట్‌వర్క్ ఇది నిజం ఫోటో కాదని పట్టుకోలేకపోవాలి. దీనికి తోడు, డిస్క్రిమినేటర్ లోతు పొరల్లో కనిపించే లక్షణాలు డూప్ చిత్రానికి దగ్గరగా ఉండాలనే ఒత్తిడి కూడా సిమ్‌స్వాప్‌లో ఉంది. హావభావం, వెలుతురు నిలిచేది ప్రధానంగా ఈ ఒత్తిడి వల్లనే. డూప్ దవడ ఆకారం నిలిచిపోయేది కూడా దీనివల్లనే, కానీ ఆ సంగతి మాకు తెర మీద చూశాకే బుర్రకెక్కింది.

గ్యాన్ ఫలితం: అన్నయ్య వచ్చాడు

144 ఫ్రేములూ ఒక నిమిషం లోపే అయిపోయాయి. తొలి చూపులో పని అయిపోయిందనే అనిపించింది. డూప్ గాలికి కళ్లు చికిలించిన ప్రతి చోటా హీరో కళ్లు చికిలించాడు. 30వ ఫ్రేము నుంచి 38వ ఫ్రేము వరకు ఒక వీధి దీపపు వెలుగు నుదుటి మీద నుంచి గడ్డం దాకా జారుతుంది. గ్యాన్ ముఖం మీద కూడా అది అదే వేగంతో జారింది. వెలుతురును పట్టుకోవడానికి మేము విడిగా ఏమీ చేయలేదు.

ఎడిటర్ రెండుసార్లు నడిపి చూసి, "ఈయన మన హీరో కాదండీ, హీరో వాళ్ల అన్నయ్య" అన్నారు. ఆ మాట సరైనదే. డూప్‌ది వెడల్పైన దవడ, హీరోది కోల ముఖం. కళ్లు, ముక్కు, పెదవులు హీరోవి అయ్యాయి గానీ, వాటి చుట్టూ ఉన్న చట్రం మాత్రం డూప్‌దే మిగిలింది.

మమ్మల్ని దారి తప్పించినది మా కొలత. వచ్చిన ముఖానికీ హీరో ఫోటోలకూ మధ్య ఆర్క్‌ఫేస్ పోలిక విలువను ముందే చూసుకున్నాము. హీరో సొంత ఫోటోలు ఒకదానితో ఒకటి 0.7 దగ్గర పోలుతుంటే, గ్యాన్ ముఖం 0.68 వచ్చింది. ఇక తిరుగేముంది అనుకున్నాము. కానీ ఆర్క్‌ఫేస్ చూసేది 112 బై 112 పిక్సెళ్లకు బిగుతుగా కోసిన ముఖాన్ని. అందులో చెవులు ఉండవు, దవడ పక్కలు, నుదుటి పైభాగం చాలావరకు పోతాయి. మనిషి కన్ను దూరం నుంచి పోల్చుకునేది మొదట ఆ చట్రాన్నే. పైగా ఏ నెట్‌వర్క్ మెప్పు పొందేలా జనరేటర్‌ను ట్రైన్ చేశామో, మార్కులు వేయమని దాన్నే అడిగాము. ట్రైనింగ్‌లో వాడని వేరొక గుర్తింపు మోడల్‌ను, కొంచెం వదులుగా కోసిన ముఖం మీద నడిపితే తేడా వెంటనే బయటపడింది. అప్పటి నుంచి మా దగ్గర రెండో మోడల్ చెప్పనిదే మొదటి మోడల్ మాట ఎవరూ నమ్మరు.

గ్యాన్ విఫలమైన చోట్లు మరో రెండు. 61 నుంచి 74 వరకు ఉన్న ఫ్రేముల్లో చెయ్యి ముఖాన్ని దాటుతుంది. జనరేటర్‌కు ట్రైనింగ్‌లో ఎక్కువగా అడ్డు లేని ముఖాలే ఎదురయ్యాయి కాబట్టి, వేళ్లను కూడా అది ముఖంలో భాగంగానే అర్థం చేసుకుంది. 67వ ఫ్రేములో చూపుడు వేలు సగం బుగ్గలో కరిగిపోయి, దాని గోరు ఉండవలసిన చోట కనుబొమ తోక లాంటిది మొలిచింది. ఇక 120వ ఫ్రేము దాటాక తల దాదాపు 90 డిగ్రీలు తిరుగుతుంది. అక్కడ అవతలి కన్ను, నోటి అవతలి మూల కనిపించవు, కాబట్టి ఐదు గుర్తుల్లో రెండు ఊహ మాత్రమే. ఆ ఊహ ఫ్రేముకొక తీరుగా మారడంతో ముఖం తల మీద అటూ ఇటూ జారింది. కొన్ని ఫ్రేముల్లో ముక్కు దూలం అవతల, లేని కంటి రెప్ప కొస కూడా గీసింది.

ఇన్‌పెయింటింగ్ పద్ధతిలో ఏం జరుగుతుంది

దవడ సమస్య చూశాకే డిఫ్యూజన్ వైపు వెళ్లాము. అక్కడ తర్కం వేరు. డూప్ ముఖం మీద మాస్క్ గీసి, ఆ భాగాన్ని లేనట్టు చేసి, ఆ ఖాళీలో హీరో ముఖాన్ని కొత్తగా పూరించమని అడుగుతాము. పాత చట్రమే లేకపోతే అది మిగిలే ప్రశ్నే ఉండదు కదా అని మా ఆలోచన.

స్టేబుల్ డిఫ్యూజన్ ఇన్‌పెయింటింగ్ మోడల్‌లో చిత్రం నేరుగా పిక్సెళ్లుగా నడవదు. 512 బై 512 చిత్రాన్ని ఆటోఎన్‌కోడర్ 64 బై 64 గడుల లేటెంట్‌గా కుదిస్తుంది. అంటే ఎనిమిది బై ఎనిమిది పిక్సెళ్లు ఒక గడి అవుతాయి. నాయిస్ తీసే నెట్‌వర్క్ అయిన యూనెట్‌కు వెళ్లే తొమ్మిది చానెళ్లలో నాలుగు నాయిస్ కలిపిన లేటెంట్, నాలుగు మాస్క్ భాగాన్ని ఖాళీ చేసిన చిత్రపు లేటెంట్, ఒకటి మాస్క్. మోడల్ అంగలంగలుగా నాయిస్ తీసివేస్తూ ఖాళీని పూరిస్తుంది. హీరో ఎవరన్నది ఐపీ అడాప్టర్ ఫేస్ ఐడీ తరహా జోడింపు ద్వారా, బయటి సూచనలను చిత్రానికి ముడిపెట్టే క్రాస్ అటెన్షన్ పొరల్లోకి చేరుతుంది. విశేషం ఏమిటంటే అక్కడ కూడా ఆధారం ముఖ గుర్తింపు నెట్‌వర్క్ ఇచ్చే వెక్టరే. అంటే హీరోను గుర్తించే విషయంలో రెండు పద్ధతులూ ఒకే బావి నీళ్లు తోడుకుంటున్నాయి. అవి విడిపోయేది డూప్‌ను చూసే విషయంలో.

మాస్క్‌ను కనుబొమల పైనుంచి గడ్డం కింది దాకా, రెండు పక్కలా దవడ అంచుకు కొంచెం బయటి దాకా గీశాము. ముఖం చిన్నగా ఉన్న తొలి ఫ్రేముల్లో ఫ్రేమును ఉన్నదున్నట్టు ఇస్తే 110 పిక్సెళ్ల ముఖానికి లేటెంట్‌లో 14 గడులే దక్కుతాయి. కంటికి మూడు గడులు కూడా రావు. అందుకని ముఖం చుట్టూ కోసి, ముఖం సుమారు 300 పిక్సెళ్లు వచ్చేలా పెంచి ఇచ్చాము. మేము నడిపిన కోడ్‌లో ముఖ్యభాగం ఇంతే:

```python
out = pipe(prompt=p, image=crop, mask_image=mask,
           strength=1.0, num_inference_steps=30,
           generator=g).images[0]
final = crop * (1 - m) + out * m
```

చివరి వరుసలో చిత్రాలు రెండూ, `m` అనే మెత్తటి అంచు మాస్కూ ఒకే పరిమాణం గల సంఖ్యా పట్టికలుగా మారాక జరిగే పని ఉంది. ఆ వరుసను చాలామంది వదిలేస్తారు. ఆటోఎన్‌కోడర్ గుండా వెళ్లి వచ్చిన చిత్రంలో మాస్క్ బయటి భాగం కూడా కొద్దిగా మారిపోతుంది. చొక్కా నేత, వెనక గోడ మీది అక్షరాలు మెత్తబడతాయి. అసలు ఫ్రేమును బయటి భాగంలో మళ్లీ అతికించకపోతే, ముఖం చుట్టూ చతురస్రాకారపు మసక ఒకటి షాట్ పొడవునా తిరుగుతూ ఉంటుంది.

ఇన్‌పెయింటింగ్ ఫలితం: పాస్‌పోర్ట్ ఫోటో

మొదటి ఫ్రేము చూసినప్పుడు గదిలో అందరికీ ఊపిరి వచ్చింది. కోల ముఖం, సన్నటి గడ్డం, చర్మం మీద రంధ్రాల దాకా స్పష్టత. గ్యాన్ ముఖంలో లేని నిండుదనం ఇందులో ఉంది. దవడ పక్కన కొత్తగా బయటపడిన మెడ, చొక్కా కాలర్, వెనక చీకటి కూడా ఎక్కడా అతుకు తెలియకుండా వచ్చాయి.

రెండో నిమిషంలో, వేర్వేరు పొరలను ఒక్క షాట్‌గా కలిపే మా కంపోజిటర్, "సార్, ఈయన బండి తోలుతున్నాడా, పాస్‌పోర్ట్ ఫోటోకి కూర్చున్నాడా?" అని అడిగాడు. డూప్ గాలికి కళ్లు చికిలించి పళ్లు బిగించి ఉన్న చోట, వచ్చిన హీరో కళ్లు విప్పార్చి ప్రశాంతంగా కెమెరాను చూస్తున్నాడు. కంటి ఎత్తును వెడల్పుతో భాగించి చూస్తే డూప్‌కు 0.14, గ్యాన్ ముఖానికి 0.15, ఇన్‌పెయింటింగ్ ముఖానికి 0.29. ఇది మోడల్ పొరపాటు కాదు. చికిలించిన కళ్లున్న పిక్సెళ్లను మేమే మాస్క్ కింద తుడిచేశాము. ఖాళీ ఎదురైనప్పుడు, తాను చూసిన వేల ముఖాల్లో ఎక్కువగా ఉన్నది ఏదో దాన్నే అది పెడుతుంది. మనుషుల ఫోటోల్లో ఎక్కువగా ఉండేది కెమెరాను చూసే విప్పిన కళ్లే.

వెలుతురు విషయమూ అంతే. 30 నుంచి 38 ఫ్రేముల మధ్య జారవలసిన వీధి దీపపు వెలుగును మెడ, చెవులు, జుట్టు అంచుల మీద పడినదాన్ని బట్టి మోడల్ ఊహించింది. ఒక్కో ఫ్రేములో ఆ ఊహ బాగానే ఉంది. వరుసగా నడిపితే మాత్రం వెలుగు కిందికి జారకుండా, ఒకచోట ఆరి మరొకచోట వెలిగింది.

పోగొట్టుకున్న హావభావాన్ని తిరిగి ఇవ్వడానికి రెండు మార్గాలు ప్రయత్నించాము. మొదటిది కంట్రోల్‌నెట్ తరహా సహాయం, అంటే గుర్తులో గీతలో ఇచ్చి, వచ్చే బొమ్మ ఆకారాన్ని వాటి ప్రకారం నడిపించడం. తల ఎటు తిరిగి ఉందో చెప్పడానికి ఐదు గుర్తులు చాలు, కానీ ఆ ఐదింటిలో రెప్ప ఎంత మూసుకుందో చెప్పేది ఒక్కటీ లేదు. దట్టమైన ముఖపు వల ఇస్తే రెప్పల ఎత్తు కొంత దారికి వచ్చింది. అయితే ఆ వల డూప్ ముఖం మీద కొలిచినది, దానితో పాటు డూప్ దవడ కొలత కూడా దొడ్డిదారిన లోపలికి వచ్చేసింది. దవడ అంచు గీతలను తీసేసి, కళ్లు, కనుబొమలు, నోటి గీతలు మాత్రమే ఇస్తే మెరుగుపడింది. అప్పుడు కూడా నోటి ఆకారం వచ్చింది గానీ, పళ్లు బిగించినప్పుడు బుగ్గ కండ ఉబ్బే తీరు రాలేదు. గీతల్లో లేని సమాచారం ముఖంలోకి ఎక్కడి నుంచి వస్తుంది?

రెండవది `strength` విలువను తగ్గించడం. 1.0 అంటే ముఖం పూర్తిగా నాయిస్ నుంచి మొదలవుతుంది. 0.55 అంటే డూప్ ముఖపు లేటెంట్‌కే కొంత మేర నాయిస్ కలిపి, 30 అంగల్లో చివరి 16 మాత్రమే నడుపుతుంది. ఇప్పుడు మోడల్‌కు డూప్ ముఖం మసకగా కనిపిస్తుంది. 0.75 దగ్గర ఇంకా పాస్‌పోర్ట్ ఫోటోనే. 0.55 దగ్గర కళ్లు చికిలించాయి, వెలుతురు సరిగ్గా పడింది, కానీ ముఖం సగం డూప్‌దైంది. 0.4 దగ్గర అది డూపే. కొంచెం మేకప్ వేసుకున్న డూప్. హావభావం తిరిగి రావడం మొదలైన చోటే మనిషి జారిపోవడం కూడా మొదలైంది. ఈ షాట్‌లో రెండూ దక్కే విలువ ఒక్కటీ మాకు దొరకలేదు. ముఖాన్ని మసకబరచే ఈ మీట "ఎవరు", "ఎలా ఉన్నారు" అనే రెండింటినీ విడదీయలేదు. రెండింటినీ కలిపే చెరుపుతుంది. గ్యాన్ ట్రైనింగ్‌లోని ఒత్తిళ్లన్నీ, ఎంత కుంటుతూనైనా సరే, ఆ రెండింటినీ విడదీయడం కోసమే పెట్టినవి.

పుట్టుమచ్చ

హీరో ఎడమ చెంప మీద చిన్న పుట్టుమచ్చ ఉంది. అభిమానులకు ఆ మచ్చ ఎక్కడుందో కొలిచి చెప్పగలిగేంత తెలుసు. గ్యాన్ ముఖంలో అది 144 ఫ్రేముల్లో ఒక్కదాంట్లోనూ రాలేదు. గుర్తింపు నెట్‌వర్క్ ఇచ్చే వెక్టర్ మనిషిని వేర్వేరు మేకప్, వయసు, వెలుతురుల్లో కూడా గుర్తుపట్టడానికి పుట్టినది. అంత చిన్న చుక్కను నమ్ముకోవడం దానికి అలవాటు లేదు.

ఇన్‌పెయింటింగ్‌లో హీరో ఫోటోను కూడా రిఫరెన్సుగా జోడించినప్పుడు మచ్చ వచ్చింది. 12వ ఫ్రేములో చెంప మీద, 13వ ఫ్రేములో పెదవి పక్కన, 14వ ఫ్రేములో లేదు, 15వ ఫ్రేములో రెండు. ఫ్రేముల మధ్య మినుకు అంటే ఏమిటో కొత్తగా చేరినవాళ్లకు చెప్పడానికి ఈ నాలుగు ఫ్రేములే ఇప్పటికీ చూపిస్తాను. గ్యాన్‌లో ఒకే ఇన్‌పుట్‌కు ఒకే జవాబు. పక్కపక్క ఫ్రేములు దాదాపు ఒకటే కాబట్టి జవాబులు కూడా దాదాపు ఒకటే. డిఫ్యూజన్ ప్రతిసారీ సాధ్యమైన ముఖాల్లోంచి ఒకదాన్ని ఎంచుతుంది, ఎంపిక మొదలయ్యేది నాయిస్ నుంచి.

అన్ని ఫ్రేములకూ ఒకే నాయిస్ ఇస్తే సరిపోతుందని వెంటనే తడుతుంది. మాకూ తట్టింది. అప్పుడు మినుకు తగ్గింది, ఇంకో జబ్బు పట్టుకుంది. గడ్డం మీది మాసిన వెంట్రుకల నమూనా కోసిన చతురస్రంలో ఒకే చోట అతుక్కుని ఉండిపోయి, ముఖం దాని కింద నుంచి కదిలింది, గాజు మీద దుమ్ము వెనక మనిషి కదిలినట్టు. ఈ రెండు జబ్బులనూ ఆరు సెకన్లు కళ్లు చిట్లించి చూసి పట్టుకోనక్కర్లేదు. ముఖాలన్నిటినీ కంటి గుర్తులకు నిలబెట్టి, ప్రతి ఫ్రేము నుంచి చెంప మీదుగా వెళ్లే ఒకే అడ్డ వరుస పిక్సెళ్లను తీసి, ఒకదాని కింద ఒకటి 144 వరుసలు పేర్చితే ఒక చిన్న చిత్రం వస్తుంది. గ్యాన్‌ది చూస్తే పై నుంచి కిందికి నున్నగా సాగే చారలు. వేర్వేరు నాయిస్‌తో చేసిన ఇన్‌పెయింటింగ్‌ది చూస్తే సిగ్నల్ పోయిన పాత టీవీ తెర. ఒకే నాయిస్‌తో చేసినదాంట్లో తల కదలికకు పొంతన లేకుండా ఏటవాలుగా పోయే సన్న గీతలు. వీడియో కోసమే ట్రైన్ చేసిన డిఫ్యూజన్ మోడళ్లు ఈ జబ్బును చాలా తగ్గిస్తాయి. ఈ పనిలో మేము వాడినది మాత్రం ఒక్కో ఫ్రేమును విడిగా చూసే మోడలే.

చివరికి ఎలా పూర్తి చేశాము

హావభావం, వెలుతురు, కదలిక గ్యాన్ దగ్గర ఉన్నాయి. చట్రం, మెడ చుట్టూ కొత్తగా పూరించే పని డిఫ్యూజన్ దగ్గర ఉంది. అందుకని పనిని ముఖానికీ ముఖం చుట్టూ ఉన్నదానికీ మధ్య విడదీశాము.

ముందుగా గ్యాన్‌కు ఇచ్చే ముందే డూప్ దవడను సన్నబరిచాము. కంపోజిటర్ దవడ అంచును ట్రాక్ చేసి, హీరో కొలతలకు దగ్గరయ్యే దాకా రెండు పక్కల నుంచి లోపలికి నెట్టాడు. నెట్టిన చోట మెడ, కాలర్ దగ్గర సన్నటి ఖాళీ పట్టీ బయటపడుతుంది. దాన్ని ఇన్‌పెయింటింగ్‌తో పూరించాము, అదీ ప్రతి ఫ్రేములో కాదు. ముఖం కోణం బాగా మారే మూడు ఫ్రేముల్లో మాత్రమే పూరించి, ఆ అతుకులను ట్రాకింగ్‌తో మిగతా ఫ్రేములకు సాగదీశాము. మెడకు హావభావం ఉండదు, మూడే పూరింపులు కాబట్టి మినుకూ ఉండదు. ఆ పట్టీ వరకు డిఫ్యూజన్ పనితనానికి వంక పెట్టడానికి ఏమీ లేదు.

ఆ తరువాత సన్నబడ్డ ముఖం మీద గ్యాన్ నడిపాము. చట్రాన్ని నిలిపే దాని అలవాటు ఈసారి మాకే పనికొచ్చింది, ఎందుకంటే నిలిపేది మేము దిద్దిన చట్రాన్ని. వేరొక గుర్తింపు మోడల్ విలువ గట్టిగా పెరిగింది. అంతకన్నా ముఖ్యంగా, ఎడిటర్ ఈసారి అన్నయ్య ఊసెత్తలేదు. ఐదు గుర్తుల స్థానాలను ముందు వెనక ఫ్రేములతో కలిపి నునుపు చేస్తే ముఖం సన్నగా వణకడం ఆగింది. మరీ ఎక్కువ నునుపు చేస్తే బండి గుంతలో పడ్డప్పుడు తల అదురుతుంది గానీ ముఖం ఒక ఫ్రేము ఆలస్యంగా అదురుతుంది, కాబట్టి ఐదు ఫ్రేముల కిటికీ దగ్గర ఆపాము.

చెయ్యి దాటే 14 ఫ్రేములకు వేళ్లను చేత్తోనే రోటో చేసి, అంటే ప్రతి ఫ్రేములో వాటి అంచు గీసి విడదీసి, అసలు ఫ్రేములోని చేతిని గ్యాన్ ముఖం మీద తిరిగి పరిచాము. వేళ్ల సందుల్లో కనిపించే చెంప చెడిపోయి ఉంది కాబట్టి, ఆ తునకలను 60, 75 ఫ్రేముల చెంపల నుంచి తెచ్చుకున్నాము. మొత్తం పనిలో ఎక్కువ గంటలు తిన్నది ఈ అర సెకను చెయ్యే. ముఖం 256 పిక్సెళ్లలో తయారైంది, చివరి ఫ్రేముల్లో దానిని 380కి సాగదీస్తాము. ఆ మెత్తదనాన్ని కప్పడానికి కెమెరా గ్రెయిన్‌ను కొలిచి తిరిగి చల్లాము. పుట్టుమచ్చను ఒక ఫోటో నుంచి కోసి, చెంప మీద ట్రాక్ చేసి, ప్రతి ఫ్రేములో వెలుతురుకు తగ్గట్టు దిద్ది అతికించాము. రెండు మోడళ్లూ చేయలేని ఆ పనికి కంపోజిటర్‌కు పట్టింది నలభై నిమిషాలు.

ఇదే షాట్ నుంచి ఒక పోస్టర్ బొమ్మ కూడా అడిగారు, అక్కడ లెక్క తలకిందులైంది. ఒక్కటే ఫ్రేము కాబట్టి మినుకు భయం లేదు. అలాగే గ్యాన్ ముఖం 256 పిక్సెళ్లది కాబట్టి పోస్టర్ పరిమాణానికి అది పనికిరాదు. పూర్తయిన 96వ ఫ్రేమును తీసుకుని, పెంచి, దాని మీద `strength` 0.25తో ఇన్‌పెయింటింగ్ నడిపాము. అంత తక్కువలో అది హావభావాన్ని తాకదు, మనిషిని మార్చదు. చర్మపు నేతను, కనుబొమ వెంట్రుకలను మాత్రం కొత్తగా అల్లుతుంది. ఎనిమిది వేర్వేరు నాయిస్‌లతో ఎనిమిది బొమ్మలు తీసి, పళ్లు సరిగ్గా వచ్చినదాన్ని ఎంచుకున్నాము. లేటెంట్ గడుల్లో పళ్లు రెండు మూడు కలిసి ఒకటిగా ముద్దవడం మామూలే, అందుకే చూపు మొదట అక్కడికే పోవాలి.

ఇక మిగిలింది తల పక్కకు తిరిగిన చివరి భాగం. 120 నుంచి 133 వరకు ఉన్న ఫ్రేములను గ్యాన్ ముఖానికి, డూప్ సొంత ముఖానికి మధ్య కలుపుతూ ఎలాగో నెట్టుకొచ్చాము; పక్క నుంచి చూస్తే ఇద్దరి ముక్కులూ కొంత దగ్గరగా ఉండడం కలిసొచ్చింది. 134 దాటాక రెండు పద్ధతుల్లో ఏదీ నిలబడలేదు. ఇన్‌పెయింటింగ్ తలను మళ్లీ కెమెరా వైపు తిప్పడానికే చూసింది, గ్యాన్‌కు గుర్తులే దొరకలేదు. ఆ సంగతి దర్శకుడి ముందు పెట్టి రెండు రోజులు అదనంగా అడిగాము. ఆయన ఎడిటర్ వైపు చూశారు, ఎడిటర్ చివరి 11 ఫ్రేములు కోసేసి 133 దగ్గర సందు షాట్‌కు కట్ చేశారు.